ఏసీ పైపుల్లో శూన్యం: మైక్రాన్ గేజ్‌తో కొలిచే తీరు

స్ప్లిట్ ఏసీ బిగించేటప్పుడు లోపలి యూనిట్‌నూ బయటి యూనిట్‌నూ రాగి పైపులతో కలుపుతారు. ఆ పైపుల్లోనూ లోపలి యూనిట్ కాయిల్‌లోనూ అప్పటికి ఉండేది మామూలు గాలి, ఆ గాలితో పాటు వచ్చిన తేమ. బయటి యూనిట్‌లో కంపెనీ నింపి పంపిన గ్యాస్‌ను పైపుల్లోకి వదలకముందే ఈ రెండింటినీ పంపుతో లాగేయాలి. దీన్నే వాక్యూమ్ చేయడం అంటారు. కంప్రెసర్ మార్చినా, లీకైన కాయిల్‌కు వెల్డింగ్ చేసినా, మళ్లీ గ్యాస్ నింపే ముందు ఇదే పని చేయాల్సి ఉంటుంది.

గాలి మిగిలితే జరిగే నష్టం ఒకటి, నీరు మిగిలితే జరిగేది మరొకటి. ఏసీ గ్యాస్ బయటి యూనిట్‌లో చల్లబడి ద్రవంగా మారుతుంది, గాలి మారదు. అది కండెన్సర్‌లో చోటు ఆక్రమించుకుని అక్కడే ఉండిపోతుంది. పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, చల్లదనం తగ్గుతుంది. ఈ లక్షణాలు మొదటి వేసవిలోనే బయటపడతాయి. నీటి సంగతి అలా కాదు. ఆర్32, ఆర్410ఏ గ్యాసులతో నడిచే కంప్రెసర్లలో సాధారణంగా పాలియోల్ ఎస్టర్ రకం ఆయిల్ వాడతారు. పాత ఆర్22 ఏసీల్లోని మినరల్ ఆయిల్ కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువగా తేమను పీల్చుకుంటుంది. కంప్రెసర్ వేడికి ఆ తేమ ఆయిల్‌ను విడగొట్టి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మోటారు వైండింగ్ మీది పూతను కొద్దికొద్దిగా తింటుంది. రెండు మూడేళ్ల తర్వాత కంప్రెసర్ కాలిపోయినప్పుడు, బిగించిన రోజు పైపులో మిగిలిన నీటిబొట్టు ఎవరికీ గుర్తు రాదు.

వాక్యూమ్ చేసే పద్ధతి చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. పంపు తగిలిస్తారు, గేజ్ ముల్లు అడుగుకు దిగగానే పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో చూస్తారు, ఆపి గ్యాస్ వదులుతారు. ఇంటి ఏసీలతో వచ్చే ఇన్‌స్టలేషన్ పుస్తకాల్లోనూ తరచుగా ఇదే కనిపిస్తుంది: పైపు పొడవును బట్టి పది పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా పంపు నడపాలి, గేజ్ మైనస్ 76 సెంటీమీటర్లు చూపాలి. కొత్త పైపు, పొడి పైపు, మంచి పంపు ఉన్నచోట ఈ సూచన సరిపోవచ్చు. ఆ మూడూ ఉన్నాయో లేవో గడియారం చూసి చెప్పలేరు. గేజ్ ముల్లు చూసీ చెప్పలేరు.

ముల్లు సంగతి ముందు చూడాలి. మెకానిక్‌ల చేతిలో ఉండే గేజ్ సెట్‌లో నీలిరంగు గేజ్ సున్నాకు కింద 30 అంగుళాల పాదరసం వరకు శూన్యాన్ని చూపుతుంది. సముద్రమట్టం దగ్గర గాలి బరువు దాదాపు 760 మిల్లీమీటర్ల, అంటే 29.92 అంగుళాల పాదరసాన్ని నిలబెడుతుంది. ఆ మిల్లీమీటరులో వెయ్యో వంతే మైక్రాన్. అంటే బయటి గాలి పీడనం 7,60,000 మైక్రాన్లు. ఏసీ పైపు దిగాల్సినది 500 మైక్రాన్ల లోపుకు. పాత గేజ్ మీద ఒక్క అంగుళం అంటే 25,400 మైక్రాన్లు. పీడనం 10,000 మైక్రాన్లున్నా 500 ఉన్నా ఆ ముల్లులో కనిపించే తేడా అంగుళంలో సగం కూడా ఉండదు, ముల్లు మందమంత అంతే. బియ్యం బస్తాలు తూచే కాటా మీద బంగారు ఉంగరాన్ని పెట్టినట్టు ఉంటుంది పని.

పైగా ఈ గేజ్ అసలు శూన్యాన్ని కొలవదు, బయటి గాలికీ లోపలి పీడనానికీ ఉన్న తేడాను మాత్రమే కొలుస్తుంది. విశాఖపట్నంలో బయటి గాలి 30 అంగుళాలకు దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సుమారు 28 అంగుళాలు. కాబట్టి సున్నా సరిగ్గా సరిచేసిన గేజ్ హైదరాబాద్‌లో సంపూర్ణ శూన్యానికి తగిలించినా 28 దగ్గరే ఆగాలి. పుస్తకంలో రాసిన మైనస్ 76 సెంటీమీటర్లు అక్కడ రావు, 71 చుట్టుపక్కల వస్తుంది. హైదరాబాద్‌లో ముల్లు 30 చూపితే అది మంచి వాక్యూమ్‌కు గుర్తు కాదు, గేజ్ తప్పుగా ఉందనడానికి గుర్తు. మైక్రాన్ గేజ్‌కు ఈ చిక్కు లేదు. అది లోపల మిగిలిన వాయువునే కొలుస్తుంది, ఊరి ఎత్తుతో దానికి నిమిత్తం లేదు.

ఆ గేజ్ లోపల చిన్న వేడి తీగో, వేడిమిని బట్టి నిరోధం మారే పూసో ఉంటుంది. చుట్టూ వాయువు ఎక్కువగా ఉంటే అది వేడిని త్వరగా లాక్కుపోతుంది, పలచబడితే వేడి నిలుస్తుంది. ఆ వేడి నష్టాన్ని కొలిచి పీడనంగా చూపుతుంది. ఈ ఉపాయాన్ని 1906లో మార్చెల్లో పిరానీ కనిపెట్టాడు. అప్పట్లో విద్యుత్ బల్బుల్లోంచి గాలి తీసే పనికి అది అవసరమైంది. ఇప్పుడు అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ గేజ్‌గా అదే సూత్రం ఏసీ మెకానిక్ పెట్టెలోకి వచ్చింది. వేడి మోసుకుపోయే తీరు ఒక్కో వాయువుకు ఒక్కోలా ఉంటుంది కనుక, పైపులో ఏసీ గ్యాస్ ఆవిరి మిగిలి ఉంటే అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. గాలికీ నీటి ఆవిరికీ మాత్రం పనికి సరిపడినంత నమ్మవచ్చు.

ఇప్పుడు సమయం సంగతి. టన్నున్నర ఏసీలో పైపులూ లోపలి కాయిల్ కలిపి లోపలి ఖాళీ సుమారు ఒక లీటరు. చిన్న వాక్యూమ్ పంపు కూడా నిమిషానికి 50 లీటర్లు లాగుతుంది. లోపల పొడి గాలి మాత్రమే ఉండి, పంపు నేరుగా పైపుకే అతికి ఉంటే, ఒక లీటరు గాలిని 500 మైక్రాన్లకు దించడానికి లెక్క ప్రకారం పది సెకన్లు కూడా పట్టదు. నిజమైన పనిలో అది నిమిషాలూ గంటలూ ఎందుకు అవుతుందో అర్థమైతే, పదిహేను నిమిషాల లెక్క ఎందుకు నిలవదో దానంతటదే తెలుస్తుంది. కారణాలు ముఖ్యంగా రెండు: పైపులోని నీరు, పంపుకూ పైపుకూ మధ్య ఉన్న సన్నని దారి.

నీటిని పంపు నీరుగా లాగలేదు, ఆవిరిగానే లాగగలదు. పీడనం తగ్గేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. పొయ్యి మీద వంద డిగ్రీల దగ్గర మరిగే నీరు, పీడనాన్ని 31,800 మైక్రాన్లకు దించితే 30 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 17,500కు దించితే 20 డిగ్రీలు చాలు. పైపు చుట్టూ గది వేడి ఉంటుంది కాబట్టి, అంతకంటే కిందికి దించితే లోపలి నీరు గది వేడితోనే మరిగి ఆవిరై పోవాలి. ఇక్కడిదాకా లెక్క సులువే.

చిక్కు ఆవిరి పరిమాణంలో ఉంది. ఒక గ్రాము నీరు అంటే దాదాపు ఇరవై చుక్కలు. గది వేడిలో 31,800 మైక్రాన్ల దగ్గర అది 33 లీటర్ల ఆవిరి అవుతుంది. అదే గ్రాము 500 మైక్రాన్ల దగ్గర రెండు వేల లీటర్లు దాటుతుంది. పీడనం తగ్గేకొద్దీ ఆ కాస్త నీరు అంతకంతకూ ఉబ్బి, పంపుకు అంతులేని పని పెడుతుంది. ఒక లీటరు పైపులోంచి వేల లీటర్లు లాగాల్సి వస్తుంది.

మరిగే నీరు తనలోని వేడిని తానే ఖర్చు చేసుకుంటుంది. కుండలో నీరు చల్లబడేది కూడా ఇలాగే. పైపులో అది మరీ వేగంగా జరుగుతుంది. బయటి నుంచి వేడి అందకపోతే, 30 డిగ్రీల నీటిలో సుమారు ఆరో వంతు ఆవిరయ్యేసరికి మిగతాదంతా మంచుగడ్డ అవుతుంది. రాగి గోడను పలచగా అంటుకున్న తడికి గోడ నుంచి వేడి అందుతుంది కాబట్టి అది త్వరగానే పోతుంది. వంపులో నిలిచిన నీటి మడుగుకు మాత్రం అంత త్వరగా వేడి అందదు. అది సున్నా డిగ్రీలకు దిగి గడ్డకడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం దాదాపు 4,600 మైక్రాన్లు. అందుకే తడి ఉన్న పైపులో గేజ్ అంకె గబగబా దిగివచ్చి నాలుగైదు వేల దగ్గర మొండికేస్తుంది. మంచు ఇంకా చల్లబడితే ఆవిరి మరీ తక్కువగా వస్తుంది. మైనస్ 17 డిగ్రీల మంచు 1,000 మైక్రాన్ల చుట్టుపక్కల పీడనాన్ని మాత్రమే పుట్టిస్తుంది. అంకె బాగానే దిగుతోందనిపిస్తుంది, లోపల మంచు అలాగే ఉంటుంది.

రెండో కారణం హోస్. గేజ్ సెట్‌తో వచ్చే సన్నని హోస్ లోపలి వ్యాసం అయిదారు మిల్లీమీటర్లు, పొడవు సాధారణంగా మీటరున్నర. గ్యాస్ నింపడానికి అది చాలు, వాక్యూమ్‌కు మాత్రం ఇరుకు దారి. హోస్ గుండా వాయువు పారే వేగం వ్యాసానికి నాలుగో ఘాతం చొప్పున మారుతుంది. వ్యాసం రెట్టింపైతే దారి పదహారు రెట్లు తెరుచుకుంటుంది. లోపలి పీడనం తగ్గేకొద్దీ అదే హోస్ ఇంకా ఇరుకవుతుంది. నిమిషానికి 50 లీటర్లు లాగే పంపును మీటరున్నర సన్నని హోస్‌తో తగిలిస్తే, 500 మైక్రాన్ల దగ్గర పైపుకు అందేది నిమిషానికి రెండు మూడు లీటర్ల లాగుడు మాత్రమే. పంపు మీద రాసిన అంకెలో ఇరవయ్యో వంతు. ఆ హోస్ చివర ఏసీ సర్వీస్ పోర్టులో ఉండే పిన్ దారిని మరికొంత మూసేస్తుంది.

ఈ రెండు కారణాలనూ కలిపి చూస్తే గడియారం ఎంత దూరం తప్పుతుందో తెలుస్తుంది. వంపులో ఒక గ్రాము నీరు సున్నా డిగ్రీల దగ్గర 4,600 మైక్రాన్లలో ఆవిరవుతోందనుకుంటే, లాగాల్సిన ఆవిరి 200 లీటర్ల పైచిలుకు. ఆ పీడనంలో సన్నని హోస్ నిమిషానికి పది పన్నెండు లీటర్లు వదులుతుంది. ఆ ఒక్క గ్రాముకే ఇరవై నిమిషాలు. అదే పంపు, అదే నీరు, హోస్ మాత్రం తొమ్మిది మిల్లీమీటర్లది అయితే ఆరేడు నిమిషాలు. నీరు ఐదు గ్రాములైతే మళ్లీ లెక్క ఐదింతలు. పంపు ఆయిల్ పాతబడితే లాగుడు తగ్గుతుంది. డిసెంబరు ఉదయాన చల్లని గోడ పక్కన ఆవిరి నెమ్మదిస్తుంది, మే నెల మధ్యాహ్నం ఊపందుకుంటుంది. ఇన్నిటి మధ్య పదిహేను నిమిషాలు అనే అంకె ఏ పైపుకు సరిపోతుందో, ఏ పైపుకు సరిపోదో ముందుగా తెలిసే దారి లేదు.

పైపులోకి నీరు ఎక్కడి నుంచి వస్తుందనేది అడగదగిన ప్రశ్న. గాలిలోని తేమ పెద్ద లెక్కలోది కాదు. విశాఖలో జులై నెలలో కూడా ఒక లీటరు గాలిలో ఉండే నీటి ఆవిరి గ్రాములో ముప్పయ్యో వంతుకు మించదు. అసలు ముప్పు ద్రవంగా చొరబడే నీటిది. అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడే గోడల్లో రాగి పైపులు పూడ్చిపెట్టే అలవాటు ఇప్పుడు నగరాల్లో బాగా పెరిగింది. పైపు పూడ్చిన రోజుకూ ఏసీ బిగించే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏడాది. పైపు కొసలను నొక్కి వెల్డ్ చేయకుండా టేపు చుట్టి వదిలేస్తే, ఆ టేపు ఒక్క వానాకాలం కూడా నిలవదు. వాన జల్లూ, గోడ తడిపిన నీళ్లూ లోపలికి దిగి కింది వంపులో చేరతాయి.

ఉదాహరణకు హైదరాబాద్‌లో అలాంటి ఒక కొత్త ఫ్లాట్‌లో రెండు పడకగదులు అనుకోవచ్చు. మొదటి గదిలో మూడు మీటర్ల కొత్త పైపు, అప్పుడే చుట్ట విప్పి బిగించినది. రెండో గదిలో తొమ్మిది మీటర్ల పైపు, ఏడాది క్రితమే గోడలో పూడ్చినది, బాల్కనీ వైపు కొస తెరిచి ఉండిపోయింది. రెండింటికీ ఒకే పంపు, ఒకే సన్నని హోస్, పదిహేను నిమిషాలు. నీలి గేజ్ ముల్లు రెండు గదుల్లోనూ ఒకే చోట నిలబడింది. మైక్రాన్ గేజ్ తగిలిస్తే మొదటి గదిలో 450, రెండో గదిలో 5,200. గడియారమూ ముల్లూ మాత్రమే నమ్మితే రెండు గదులకూ ఒకే మాట: అయిపోయింది, గ్యాస్ వదలవచ్చు.

అలాగని 450 చూడగానే మొదటి గది పని పూర్తయినట్టూ కాదు. పంపు లాగుతుండగా గేజ్ చూపేది పంపు దగ్గరి పీడనానికి దగ్గరగా ఉంటుంది, పైపు అటు చివర అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. అందుకే పెద్ద ఏసీ వ్యవస్థల్లో గేజ్‌ను పంపుకు వీలైనంత దూరంగా పెడతారు. ఇంటి స్ప్లిట్ ఏసీకి సాధారణంగా సర్వీస్ పోర్టు ఒక్కటే. అక్కడ దూరంగా పెట్టే వీలు లేదు కాబట్టి వేరే ఏర్పాటు అవసరం. పోర్టుకు ముందు పిన్ తీసే టూల్ బిగిస్తారు. దానికి సొంత వాల్వూ, పక్కన ఇంకో మూతీ ఉంటాయి. ఆ టూల్‌తో పిన్ తీసేసి, వెడల్పు హోస్‌తో పంపును, పక్క మూతికి మైక్రాన్ గేజ్‌ను కలుపుతారు. టూల్ వాల్వ్ మూసేస్తే పంపూ హోసూ అవతల ఉండిపోతాయి, గేజ్ ఏసీ పైపునే చూస్తూ ఉంటుంది. గేజ్ సెట్‌ను ఈ దారిలో అసలు పెట్టకపోవడమే మంచిది. దాని రబ్బరు హోసులూ అతుకులూ ఈ స్థాయి శూన్యానికి చేసినవి కావు, వాటి నుంచి చొరబడే గాలి కూడా పైపు లీకులా కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు పంపునే పరీక్షించాలి. గేజ్‌ను నేరుగా పంపు మూతికి బిగించి నడిపితే, బాగున్న రెండు దశల పంపు రెండు మూడు నిమిషాల్లో 100 మైక్రాన్ల లోపుకు దిగాలి. దిగకపోతే ఆయిల్ మార్చాలి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అది ఇప్పటికే నీరు తాగేసిందని అర్థం. అలాంటి ఆయిల్‌లోని నీరే ఆవిరి పుట్టిస్తూ పంపును లోతుకు దిగనివ్వదు. తడి పైపు మీద గంట నడిచిన పంపుకు అదే రోజు ఆయిల్ మార్చడం చాదస్తం కాదు, ఆయిల్ ధర కంప్రెసర్ ధరతో పోల్చదగినది కాదు.

వాక్యూమ్ కంటే ముందే నైట్రోజన్‌తో లీకు పరీక్ష పూర్తి కావాలి. శూన్యం పెట్టి లీకు వెతకడం బలహీనమైన పద్ధతి. శూన్యంలో లోపలికీ బయటికీ ఉండే తేడా ఒక్క వాతావరణ పీడనం మాత్రమే. ఏసీ నడిచేటప్పుడు ఆర్32 పీడనం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, అదీ లోపలి నుంచి బయటికి. శూన్యంలో బిగుసుకున్న ఫ్లేర్ నట్టు ఆ పీడనంలో కారవచ్చు. కాబట్టి యూనిట్ ప్లేటు మీద రాసిన పరిమితి దాటకుండా పొడి నైట్రోజన్ ఎక్కించి, ప్రతి అతుకు మీదా సబ్బునురగ వేసి చూడాలి. ఈ పరీక్ష జరిగేటప్పుడు మైక్రాన్ గేజ్‌ను తగిలించి ఉంచకూడదు.

ఇక పంపు నడిపి అంకె 500 లోపుకు దిగాక అసలు పరీక్ష మొదలవుతుంది. టూల్ వాల్వ్ మూసి, పంపు ఆపి, గేజ్‌ను చూస్తూ ఉండాలి. వాల్వ్ మూసిన వెంటనే అంకె కొంచెం ఎగురుతుంది. పైపు చివరల్లోని పీడనం సర్దుకుంటుంది కాబట్టి ఆ మొదటి ఎగురుడుకు కంగారు పడనక్కర్లేదు. ఆ తర్వాత పది నిమిషాల్లో అంకె నడిచే తీరే లోపలి పరిస్థితిని చెబుతుంది. మొదటి గదిలో పంపును మరో ఐదు నిమిషాలు నడిపి 280 దగ్గర వాల్వ్ మూస్తే, అంకె 340కి ఎగిరి, నెమ్మదిగా 390కి చేరి అక్కడే నిలిచింది. పది నిమిషాల తర్వాత కూడా 500 దాటలేదు. ఆ పైపు పొడిగానూ ఉంది, బిగువుగానూ ఉంది.

లీకున్న పైపులో అంకె వేరుగా నడుస్తుంది. 300 నుంచి నిమిషానికి 600 చొప్పున పెరుగుతూ 900, 1,500, 2,100 అంటూ తగ్గకుండా పోతుంది. బయటి గాలికి అడ్డు లేదు కాబట్టి అది వాతావరణ పీడనం దాకా ఆగదు. నీరున్న పైపులో అంకె మొదట్లో వేగంగా లేచి, తర్వాత నెమ్మదించి, ఒకచోట చదునవుతుంది. ఆ చదును ఆ వేడిమిలో నీటి ఆవిరి పీడనాన్ని మించదు. రెండింటికీ తేడా చూడాలంటే ప్రతి నిమిషానికీ అంకెను కాగితం మీద రాసుకోవడం చాలు. మొదటి రెండు నిమిషాలు చూసి తీర్పు చెబితే లీకూ నీరూ ఒకేలా కనిపిస్తాయి.

రెండో గదిలో పంపును నలభై నిమిషాల దాకా నడిపినా అంకె 4,500 దగ్గరే ఊగింది. వాల్వ్ మూసి చూస్తే 9,000, 14,000, 18,000 దాకా లేచి, పదో నిమిషానికి 21,000 దగ్గర నెమ్మదించింది. లోపలి మంచు గది వేడికి కరిగి, నీటి వేడి పెరిగేకొద్దీ ఆవిరి పీడనం పెరుగుతోందన్నమాట. లీకు కాదు, నీరు. ఇక్కడ పంపును ఇంకో గంట నడపడం తెలివైన పని కాదు. వాక్యూమ్‌ను పొడి నైట్రోజన్‌తో తెంచి, పైపు ఒక కొస విప్పి, నైట్రోజన్‌ను జోరుగా వదిలితే వంపులోని నీరు ద్రవంగానే బయటికి చిమ్ముతుంది. ఆవిరిగా రెండు వందల లీటర్లు లాగాల్సిన గ్రాము నీరు అలా ఒక్క ఊదుకు పోతుంది.

ఊదిన తర్వాత కూడా గోడలకు తడి మిగులుతుంది. దానికి మూడుసార్లు వాక్యూమ్ చేసే పద్ధతి ఉంది. పిన్ తీసి, వెడల్పు హోస్ వేసి పంపు నడిపితే అంకె ఇరవై నిమిషాల్లో 1,800కు దిగింది. అక్కడ మళ్లీ నైట్రోజన్‌ను బయటి గాలి పీడనం కంటే కాస్త ఎక్కువ దాకా వదిలి కొన్ని నిమిషాలు ఉంచుతారు. పొడి నైట్రోజన్ వేడిని మంచుకు చేరవేస్తుంది, తేమను తనతో కలుపుకుంటుంది. శూన్యంలో మంచుకు వేడి చేరవేసేందుకు వాయువు ఉండదు కాబట్టి ఈ మధ్యలో ఊపిరి ఇవ్వడం పనిని వేగం చేస్తుంది. రెండోసారి దించితే 700, మళ్లీ నైట్రోజన్, మూడోసారి 320. వాల్వ్ మూసి పది నిమిషాలు చూస్తే 430 దగ్గర ఆగింది. గోడ బయట కనిపించే పైపు భాగాన్నీ కాయిల్‌నూ హెయిర్ డ్రయర్ వంటి దానితో వెచ్చబరచడం కూడా సాయం చేస్తుంది. మంట చూపకూడదు.

ఇలా చూస్తే ఒక గదికి ఇరవై నిమిషాలు, ఇంకో గదికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. రెండింటికీ ఒకే హద్దు: 500 లోపుకు దిగడం, పంపు లేకుండా అక్కడ నిలవడం. ఈ 500 అనే అంకె ప్రకృతి నియమం కాదు, చాలామంది తయారీదారులు వాడే హద్దు. ఏసీ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. కొందరు నిలవాల్సిన హద్దును 1,000 దాకా ఒప్పుకుంటారు.

గేజ్ చెప్పలేనివీ కొన్ని ఉన్నాయి. పాత ఏసీలో గ్యాస్ పోయి మరమ్మతు చేసినప్పుడు కంప్రెసర్ ఆయిల్‌లో కరిగిన గ్యాస్ వాక్యూమ్‌లో బుడగలుగా బయటికి వస్తూనే ఉంటుంది. అప్పుడు అంకె లేవడం నీరు ఉన్నట్టు కనిపిస్తుంది. కంప్రెసర్ అడుగును వెచ్చబరచి, ఇంకాసేపు పంపు నడిపితే ఆ పెరుగుదల తగ్గుతూ వస్తుంది. ఆర్32 మండే స్వభావం కొంత ఉన్న గ్యాస్ కాబట్టి ఈ పనంతా గాలి ఆడే చోట జరగాలి. ఇంకొకటి, పాలియోల్ ఎస్టర్ ఆయిల్ ఒకసారి పీల్చుకున్న నీటిని వాక్యూమ్ పూర్తిగా లాగలేదు. మూత తెరిచిన కంప్రెసర్ వానాకాలంలో రాత్రంతా అలా ఉండిపోతే, గేజ్ 400 చూపినా ఆయిల్‌లో తేమ మిగిలే ఉంటుంది. అలాంటప్పుడు ఆయిల్ మార్చడం, కొత్త ఫిల్టర్ డ్రయర్ వేయడం తప్ప దారి లేదు. లోతైన వాక్యూమ్‌లో ఉన్నప్పుడు కంప్రెసర్‌ను స్టార్ట్ చేయకూడదు, మెగ్గర్‌తో పరీక్షించకూడదు. పలచని వాయువులో విద్యుత్తు తేలిగ్గా దూకి వైండింగ్ దెబ్బతింటుంది.

గేజ్‌ను కూడా నమ్మకంగా ఉంచుకోవాలి. సెన్సర్‌కు పంపు ఆయిల్ అంటితే అది తప్పు చూపుతుంది, సాధారణంగా ఉన్నదానికంటే ఎక్కువ. నిటారుగా, మూతి కిందికి ఉండేలా తగిలిస్తే ఆయిల్ లోపలికి పాకదు. అంటినప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టడం మామూలు పద్ధతి. పంపుకు నేరుగా బిగించి చూసే పరీక్షలో ఎప్పుడూ 60 చూపే గేజ్ ఒకరోజు 300 చూపితే ముందు కడిగి చూడాలి, తర్వాతే పంపును అనుమానించాలి.

పరీక్ష నెగ్గాక చివరి అడుగు కూడా వరుస తప్పకూడదు. శూన్యంలో ఉన్న పైపు నుంచి హోస్ విప్పితే బయటి గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతుంది, గంట పని వృథా. అందుకే ముందు పిన్‌ను టూల్‌తోనే తిరిగి బిగించి, గేజ్‌ను వేరుచేసే వాల్వ్ మూసేయాలి. ఆ తర్వాత బయటి యూనిట్ వాల్వులను కొద్దిగా తెరిస్తే గ్యాస్ పైపుల్లో నిండి, లోపలి పీడనం బయటి గాలిని మించుతుంది. అప్పుడే టూల్ విప్పాలి. చివరి రెండు అంకెలను, అంటే వాల్వ్ మూసినప్పటి అంకెనూ పది నిమిషాల తర్వాతి అంకెనూ, తేదీతో సహా బయటి యూనిట్ మూత లోపల రాసి ఉంచితే, మూడేళ్ల తర్వాత ఆ ఏసీ విప్పే మెకానిక్‌కు పైపు ఎలా మొదలైందో తెలుస్తుంది.